బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకున్నాక ఆ కార్డు గీకొద్దు

సంక్రాంతి దగ్గర పడుతోంది, ఫోన్లు మొదలయ్యాయి. "మీ వేరే బ్యాంకు కార్డు బాకీ మా కార్డుకి మార్చుకోండి సార్, 60 రోజులు వడ్డీ లేదు" అంటారు. దీనికే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అని పేరు. వాళ్ల మాట అబద్ధం కాదు. ఒక కార్డు మీద నెలనెలా మినిమం కడుతూ మునిగిపోతున్నవాడికి ఇది నిజంగా పనికొచ్చే వెసులుబాటు. కానీ ఆ 60 రోజుల్లో, ఆ తర్వాతా ఏం జరుగుతుందో ఫోన్ చేసినవాడు చెప్పడు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న వ్యాపారుల ఖాతాలు రాస్తుంటాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టున్న కుర్రాడొకడు పోయిన వారం స్టేట్‌మెంట్ల కట్ట పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, దసరాకి 50 వేలు కట్టాను. బాకీ ఎక్కడిదక్కడే ఉంది, వడ్డీ కూడా వేశారు. సున్నా వడ్డీ అన్నారుగా?" అన్నాడు. బ్యాంకు మోసం చేసిందని వాడి అనుమానం. కాగితాలన్నీ చూశాను. బ్యాంకు లెక్కలో తప్పేమీ లేదు. తప్పు వాడు కార్డు గీకడంలో ఉంది.

వాడి లెక్క

పాత కార్డు మీద 1,20,000 బాకీ. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756. అంటే నెలకు 4,956 రూపాయలు ఊరికే పోతున్నాయి. సెప్టెంబరు 8న ఆ బాకీ కొత్త కార్డుకి మారింది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, జీఎస్టీతో కలిపి 2,832. రెండు నెలల్లో దాదాపు 10 వేల వడ్డీ తప్పించుకోవడానికి 2,832 కట్టడం మంచి బేరమే. ఇక్కడిదాకా వాడు తెలివైన పనే చేశాడు.

సెప్టెంబరు 28న బీసెంట్ రోడ్డులో బట్టలు, ఇంట్లోకి ఫ్రిజ్, మొత్తం 40,000 అదే కొత్త కార్డు మీద గీకాడు. "కార్డన్నాక కొన్న సరుక్కి నెలన్నర వడ్డీ ఉండదుగా" అనుకున్నాడు. అక్టోబరు 10 డ్యూ డేట్‌కి 50,000 కట్టి, అందులో 40 దసరా కొనుగోళ్లకి, మిగతా 10 పాత బాకీకి పోయిందని మనసులో జమ వేసుకున్నాడు.

కార్డు వాళ్ల జమ వేరేగా ఉంటుంది. చాలా కార్డుల నిబంధనల్లో మనం కట్టిన డబ్బు ముందు పన్నులకి, ఫీజులకి, వడ్డీకి పోతుంది. తర్వాత ట్రాన్స్‌ఫర్ చేసిన బాకీకి పోతుంది. కొన్న సరుకుల వంతు ఆ తర్వాతే వస్తుంది. కాబట్టి వాడి 50 వేలల్లో 2,832 ఫీజుకి పోగా, మిగిలిన 47,168 సున్నా వడ్డీ బాకీకి పోయింది. వడ్డీ పడే 40,000 అలాగే కూర్చుంది.

ఆ 40 వేలకి వడ్డీ ఎందుకు పడింది అన్నది అసలు సంగతి. కొనుగోళ్ల మీద వడ్డీ లేని గడువు అన్ని నెలలా ఉండదు. ముందు నెల బిల్లు పూర్తిగా కట్టినవాడికే అది ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ చేసిన బాకీ బిల్లులోకి చేరగానే అది కూడా 'కట్టాల్సిన మొత్తం'లో కలుస్తుంది. సెప్టెంబరు 20 బిల్లు మొత్తం 1,22,832. అదంతా అక్టోబరు 10కి కడితే తప్ప, ఆ కార్డు మీద ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. అలా కట్టగలిగినవాడైతే అసలు ట్రాన్స్‌ఫరే చేసుకోడు కదా.

అక్టోబరు 20 బిల్లులో 22 రోజుల వడ్డీ 1,013, దాని మీద జీఎస్టీ 182. నవంబరు 7న 60 రోజులు నిండాయి. ఆ రోజు, పడిన వడ్డీ కాక, బాకీ ట్రాన్స్‌ఫర్‌ది 72,832, కొనుగోళ్లది 40,000, కలిపి 1,12,832. ఆ రోజు నుంచి మొత్తం మీదా మూడున్నర శాతమే. జీఎస్టీతో నెలకు 4,660 రూపాయలు. పాత కార్డు మీద 4,956 కట్టలేక వచ్చినవాడు ఫీజు కట్టి, 50 వేలు కట్టి, మళ్ళీ 4,660 దగ్గర నిలబడ్డాడు. అదే 40,000 కార్డు మీద కాకుండా చేతి డబ్బుతో కొనుంటే, లేదా ఫ్రిజ్ పండగ దాటాక కొనుంటే, 72,832 మాత్రమే ఉండేది, అదీ నవంబరు 7 దాకా వడ్డీ లేకుండా.

అందుకే చెప్పేది: ట్రాన్స్‌ఫర్ చేసుకున్న కార్డు గీకొద్దు. బాకీ సున్నా అయ్యేదాకా గీకొద్దు.

'గీకడం' అంటే

మెషీన్‌లో పెట్టడం ఒక్కటే కాదు. యూపీఐకి కలిపిన రూపే క్రెడిట్ కార్డుతో బెంజి సర్కిల్ దగ్గర టీకి 20 రూపాయలు స్కాన్ చేసినా గీకినట్టే. నెలనెలా దానంతటదే కోసుకునే ఓటీటీ చందా, ఫోను బిల్లు, ఆన్‌లైన్ షాపుల్లో దాచిపెట్టిన కార్డు నంబరు, పిల్లల ఆటల యాప్‌లు, ఇవన్నీ గీకినట్టే. చిన్న మొత్తమే కదా అనుకుంటారు. వడ్డీ చిన్నదే పడుతుంది, నిజమే. కానీ మీరు కట్టే ప్రతి రూపాయీ ట్రాన్స్‌ఫర్ బాకీకే ముందు పోతుంది కాబట్టి ఆ చిన్న మొత్తాలు తీరవు, పోగవుతాయి. ట్రాన్స్‌ఫర్ అడిగిన రోజే ఆ కార్డుని యూపీఐ నుంచి తీసేయండి, చందాలు డెబిట్ కార్డుకి మార్చండి, యాప్‌లో ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేసి కట్టే వాడకం ఆపేయండి. ఆపే మీటలు ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉంటాయి.

పాత కార్డూ గీకొద్దు. ఇది ఇంకా పెద్ద గొయ్యి. బాకీ వెళ్ళిపోగానే పాత కార్డు లిమిట్ మొత్తం ఖాళీ అయి కనిపిస్తుంది. అది కొత్త డబ్బులా అనిపిస్తుంది. ఆర్నెల్లు గడిచేసరికి రెండు కార్డుల మీదా బాకీ ఉన్నవాళ్ళని నేను గుంటూరులోనూ చూశాను, ఇక్కడా చూశాను.

ఒక మినహాయింపు ఉంది, దాచను. సున్నా వడ్డీ పథకం కాకుండా ట్రాన్స్‌ఫర్ బాకీని వాయిదాలుగా మార్చే పథకం తీసుకుంటే, బిల్లులో ఆ నెల వాయిదా మాత్రమే వస్తుంది. బిల్లు మొత్తం కడితే కొనుగోళ్లకి వడ్డీ లేని గడువు మామూలుగా దక్కుతుంది. నెలకు 60 వేలు తీర్చలేనివాళ్లు 60 రోజుల సున్నా వెంట పడకుండా దీని గురించి అడగాలి. 1,20,000 కి నెలకు 1.2 శాతం చొప్పున 6 నెలలైతే వాయిదా సుమారు 20,850, ఆ వడ్డీ మీద జీఎస్టీ అదనం. మొత్తం వడ్డీ 5,100 దాకా. వినడానికి సున్నా అంత తియ్యగా ఉండదు, కానీ మూడో నెల నుంచి ఏడాదికి 42 శాతం చెల్లించే బాధ ఉండదు. మధ్యలో ముందే తీర్చేస్తే విడిగా ఛార్జీ ఉంటుందేమో అడిగి పెట్టుకోండి.

తేదీల దగ్గర

60 రోజులు మొదటి బిల్లు నుంచి లెక్కించరు. బాకీ కొత్త కార్డులో పడిన రోజు నుంచి లెక్క. మా కుర్రాడి గడువు నవంబరు 7, డ్యూ డేట్ నవంబరు 10. మూడు రోజుల తేడా. బిల్లు ప్రకారం 10న కట్టినా మూడు రోజులు పూర్తి వడ్డీ పడుతుంది. 60 రోజుల్లో వాడికి వచ్చిన డ్యూ డేట్ నిజానికి అక్టోబరు 10 ఒక్కటే. కాబట్టి బిల్లు కోసం కాచుకోకండి. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద రాసి, నాలుగు రోజుల ముందే కట్టేయండి. కట్టింది కార్డు ఖాతాలో పడటానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

"పెద్ద కోర్టుకి వెళ్తే వడ్డీ తగ్గదా" అని అడుగుతున్నారు కొందరు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ 30 శాతానికి మించిన కార్డు వడ్డీ అన్యాయమంది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ ఆశ వదిలేయండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

వచ్చే చీటీ డబ్బు మీద లెక్క వేసుకోవద్దు. మా కుర్రాడు నవంబరులో పాట తనదే అనుకున్నాడు. ఇంకొకరు ఎక్కువ తగ్గించి పాడుకున్నారు.

ఆటో డెబిట్‌ని మినిమం మీద పెట్టొద్దు. మినిమం అంటే సుమారు 5 శాతం. దానితో ఆలస్య రుసుము తప్పుతుంది, బాకీ తీరదు.

పాత కార్డు బిల్లు కట్టడం ఆపొద్దు. కొత్త బ్యాంకు డబ్బు అక్కడ చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు డ్యూ డేట్ వస్తే కట్టాల్సింది మీరే.

పాత కార్డు తర్వాతి బిల్లు తప్పకుండా తెరిచి చూడండి. ఆఖరి బిల్లు నుంచి డబ్బు చేరిన రోజు వరకు వడ్డీ అందులో వస్తుంది. వెయ్యో, రెండు వేలో. అది చూడక వదిలేసి సిబిల్ పాడుచేసుకున్నవాళ్లున్నారు.

బాకీ మొత్తం మారుతుందనుకోవద్దు. కొత్త కార్డు లిమిట్‌లో కొంత శాతం వరకే ఇస్తారు. మిగిలింది పాత కార్డు మీదే వడ్డీ తింటుంది.

ఫోన్లో ఒప్పుకోవద్దు. ఓటీపీ చెప్పొద్దు. యాప్‌లోకి మీరే వెళ్ళి అడగండి.

"మీ బిల్లు మేం కడతాం, కార్డు గీకి తీసుకుంటాం, నూటికి మూడు" అనే కొట్ల మెట్లెక్కొద్దు.

ఎన్ని రోజులు, ఫీజెంత, గడువయ్యాక ఎంత శాతం, కట్టింది ముందు దేనికి పోతుంది. ఈ నాలుగూ రాతలో లేకపోతే సంతకం వద్దు. జమ వరుస ఆ కార్డు ముఖ్య నిబంధనల కాగితంలో, అంటే ఎంఐటీసీలో ఉంటుంది.

ప్రతి బిల్లులో వడ్డీ చూపే ఫైనాన్స్ ఛార్జెస్ వరుస చూడండి. గడువు లోపలే అక్కడ సున్నా కాకుండా అంకె కనిపిస్తే, మీ ఇంట్లో ఎవరో గీకారు.

భార్యకో తమ్ముడికో ఇచ్చిన యాడ్-ఆన్ కార్డు కూడా అదే ఖాతా. తీసి బీరువాలో పెట్టండి.

మొత్తం తీర్చాక ఇంకో బిల్లు వచ్చేదాకా ఆగండి. గీకిన సరుకుల వడ్డీ మీరు కట్టిన రోజు వరకు లెక్కవేసి ఆ బిల్లులో పంపుతారు. అదీ కట్టి, ఆ తర్వాతి బిల్లులో సున్నా చూశాకే కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకోండి.

పాత కార్డు ఇక వద్దనుకుంటే బాకీ సున్నా చేసి, మూసేయమని మెయిల్‌లో అడగండి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం 7 పని దినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున మీకే ఇవ్వాలి. మా కుర్రాడి పాత కార్డు మొన్న సోమవారం మూసేయించాం. కొత్త కార్డు నా డ్రాయర్లో ఉంది. 1,12,832 తీరేదాకా ఇవ్వనని చెప్పాను. సంక్రాంతికి అడిగితే కూడా.