బాట్ ఆర్డర్ ధర జారిపోకుండా

స్క్రీన్ మీద షేరు ధర 500 చూసి ట్రేడింగ్ బాట్ మార్కెట్ ఆర్డర్‌తో కొంటుంది, చేతికొచ్చేది 502కి. మార్కెట్ ఆర్డర్ అంటే మోండా మార్కెట్లో ధర అడక్కుండా "ఎంతైతే అంత, కట్టెయ్" అనడమే. 100 షేర్లు అడిగితే 500 దగ్గర 40 మాత్రమే ఉన్నాయనుకోండి, మిగతా 60 షేర్లు అంతకన్నా ఎక్కువ ధరలకు అంటగడతారు.

అందుకే కొనేటప్పుడు "ఇంతకు మించి ఇవ్వను" అనే లిమిట్ ఆర్డర్ వాడండి. అమ్మేవాళ్ల మొదటి ధర 500 అయితే 500.50కి పెట్టి, 30 సెకన్లలో నిండనిది రద్దయ్యేలా రాయండి. నిండిన షేర్లకు వెంటనే నష్టం ఆపే స్టాప్ ఆర్డర్ వెయ్యాలి: `SL` అమ్మకం, ట్రిగ్గర్ 490, లిమిట్ 488. ధర 490 తాకేదాకా అది కదలదు. తాకాక 488కి తగ్గకుండా అమ్మే మామూలు లిమిట్ ఆర్డర్ అయిపోతుంది.

చిక్కు ఇక్కడే. ధర 491 నుంచి ఒక్కసారిగా 485కి పడితే ఆ ఆర్డర్ అలాగే నిలబడిపోతుంది. ట్రిగ్గరై 5 సెకన్లయినా స్టేటస్ `OPEN` అని ఉంటే, అదే ఆర్డర్‌ని మార్కెట్‌కి మార్చండి. బ్రోకర్ ఒప్పుకోకపోతే కొనేవాళ్ల ధరకన్నా రూపాయి కిందికి లిమిట్ దించండి. పక్కన ఇంకోటి మాత్రం వెయ్యొద్దు, రెండూ అమ్ముడైపోవచ్చు. కొనేవాళ్లే లేని లోయర్ సర్క్యూట్‌లో ఇదీ పనిచేయదు.