వానలు మొదలయ్యేలోపే పరుపు గుంట కొలిచి పెట్టుకోండి

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో తడి గాలికి పరుపు కింద బూజు పట్టడం, కిటికీలోంచి జల్లు కొట్టి మరక పడటం మామూలే. మరక, తడి కనిపిస్తే చాలా కంపెనీలు వారంటీ క్లెయిమ్ తిప్పి పంపేస్తాయి. అందుకే మీ పరుపులో గుంట పడిందని అనుమానం ఉంటే సెప్టెంబరులోనే తేల్చుకోండి.

ముందు వారంటీ కార్డు చదవండి. పదేళ్ళని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎవరూ పడుకోనప్పుడు గుంట ఎంత లోతుంటే లెక్కలోకి వస్తుందన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలావాటిలో అది అంగుళమో, అంగుళంన్నరో. మెత్తబడిందనో, నడుం నొప్పి అనో చెబితే ఒప్పుకోరు.

వేలచ్చేరిలో మా ఇంట్లో ఆరంగుళాల ఫోమ్ పరుపు పద్నాలుగు నెలలకే మావారు పడుకునే వైపు కుంగింది. దుప్పటి తీసేసి, ఒక రోజంతా ఖాళీగా వదిలేశాం. లేచిన వెంటనే కొలిస్తే ఫోమ్ ఇంకా తేరుకోదు, లోతు ఎక్కువ చూపిస్తుంది. పరుపు మీద అడ్డంగా, రెండు అంచులకూ ఆనేలా తిన్నని కర్ర పెట్టి, దాని అడుగు నుంచి గుంట దాకా స్టీలు స్కేలు నొక్కకుండా నిలబెట్టాం. 3.5 సెంటీమీటర్లు వచ్చింది. మా కార్డులో హద్దు అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లు. క్లెయిమ్ వేద్దామనుకున్నాం.

ఎందుకో పరుపుని నేల మీదకి దించి, ఒక రోజు ఆగి మళ్ళీ కొలిచాం. ఒక్క సెంటీమీటరే! మంచం మధ్య చెక్కలు రెండు వంగిపోయాయి. తప్పు మంచానిది. చూడటానికి వచ్చే మనిషి ముందు మంచాన్నే పరీక్షిస్తాడు, అప్పుడు క్లెయిమ్ పోయేదే. చెక్కలు మార్పించి పైన ప్లైవుడ్ పరిచాం. ఏడాది తర్వాత నేల మీద కొలిస్తేనే మూడు సెంటీమీటర్లు వచ్చింది. అప్పుడు ఫోటోలతో పంపాం, ఒప్పుకున్నారు. రవాణా ఖర్చు మాత్రం మేమే పెట్టుకున్నాం. అదీ కార్డులో రాసే ఉంది, మేమే చూసుకోలేదు.

ఫోటోలో స్కేలు అంకెలు స్పష్టంగా కనబడాలి. పరుపు అంచున కుట్టిన లేబుల్ కత్తిరించకండి. థర్మల్ కాగితం బిల్లు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, కొన్న రోజే ఫోటో తీసుకోండి. చుట్టి పంపిన పరుపైతే కవరు విప్పేటప్పుడే వీడియో తీయండి. చిరుగులుంటే ఆ రోజే చెప్పాలి.

ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో ఫిర్యాదు రాసి నంబరు తీసుకోండి. ఎన్నిసార్లు రాసినా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదం మొదలైన రెండేళ్ళలోపు అక్కడ కేసు వేయాలి.