బజ్జీల పొగ, ఎగ్జాస్ట్ ఫ్యాన్

కడపలో మా ఇంట్లో ఆదివారం ఉగ్గాని బజ్జీ అంటే, ఫ్యాన్ తిరుగుతున్నా హాల్లో కూర్చున్నవాళ్లు కూడా దగ్గేవాళ్లు. తప్పు ఫ్యాన్‌ది కాదు. దాని పక్క కిటికీ తెరిచి పెట్టేవాళ్లం, ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోసేది, పొయ్యి మీది పొగ అక్కడే ఉండిపోయేది. ఇప్పుడు ఆ కిటికీ మూసి, ఎదురుగా ఉన్న తలుపు జానెడు తీస్తాం. మీది ఎలా లాగుతోందో చూడాలంటే, పొయ్యి వెలిగించకముందు బాణలి పక్కన అగరుబత్తి పట్టుకోండి, పొగ ఫ్యాన్ వైపు వంగాలి. నూనె పెట్టకముందే ఫ్యాన్ వేసి, దించాక ఇంకో 10-15 నిమిషాలు ఉంచండి. నూనె పొగలు కక్కుతుంటే మాత్రం ముందు మంట తగ్గించండి. పైపు బయటికి లేని చిమ్నీ అయితే జిడ్డును పట్టుకుంటుంది గానీ, ఆవిరీ వేడీ మళ్లీ వంటింట్లోకే.