ప్రెసింగ్‌ని కొలుద్దాం – 3వ పాఠం: పీపీడీఏ లెక్క

గత పాఠంలో ఫుట్‌బాల్ ఈవెంట్ డేటాలో ప్రతి పాస్ పక్కన, ప్రతి టాకిల్ పక్కన ఉండే x అంకెను, అంటే అది మైదానం పొడవులో ఎక్కడ జరిగిందో చెప్పే అంకెను, చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ అంకెతోనే ఒక జట్టు ఎంత గట్టిగా ప్రెస్ చేసిందో, అంటే ఎదుటివాళ్ల దగ్గరున్న బంతి కోసం ముందుకెళ్లి ఎంతగా మీదపడిందో లెక్క కడదాం.

ఆ కొలత పేరు పీపీడీఏ, అంటే పాసెస్ పర్ డిఫెన్సివ్ యాక్షన్. 2014లో కొలిన్ ట్రెయినర్ ప్రతిపాదించిన ఈ కొలత అడిగే ప్రశ్న ఒక్కటే: మనవాళ్లు ఒకసారి అడ్డుపడేలోపు ఎదుటి జట్టు ఎన్ని పాస్‌లు ఇచ్చుకుంది? అడ్డుపడటం అంటే టాకిల్, ఇంటర్‌సెప్షన్, ఫౌల్, టాకిల్‌కి వెళ్లి డ్రిబుల్‌లో ఓడిపోవడం. ఓడిపోయినా లెక్కే, ఎందుకంటే కొలుస్తున్నది ప్రయత్నాన్ని.

మన గోల్ దగ్గరి 40 శాతం మైదానాన్ని వదిలేస్తాం. అక్కడ ఏ జట్టైనా అడ్డుపడక తప్పదు, దాన్ని ప్రెసింగ్ అనలేం.

```
PPDA = opp_passes(x <= 60) / def_actions(x >= 40)
```

రెండు అంకెలు ఎందుకు వేరుగా ఉన్నాయో ఇక్కడ ఆగి చూడండి. చాలా డేటాల్లో ప్రతి జట్టూ తన గోల్‌ని 0గా, ఎదుటి గోల్‌ని 100గా లెక్కిస్తుంది. కాబట్టి వాళ్ల 60, మన 40 మైదానంలో ఒకే గీత. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, రెండుచోట్లా 40 పెట్టేస్తారు. సరిచూసుకోవడం సులువు: ఎదుటి గోల్‌కీపర్ తన గోల్ ముందు నుంచి ఇచ్చిన పాస్‌లు మీ జాబితాలో కనిపించాలి. కనిపించకపోతే వడపోత తిరగబడినట్టే.

ఇప్పుడు ఒక మ్యాచ్ ఊహించుకుందాం. మొదటి సగంలో ఎదుటివాళ్లు ఆ ప్రాంతంలో 144 పాస్‌లు ఇచ్చారు, మనవాళ్లు 18 సార్లు అడ్డుపడ్డారు. 144ని 18తో భాగిస్తే 8. అంకె ఎంత తక్కువైతే ప్రెస్ అంత గట్టిది, కాబట్టి ఇది గట్టి ప్రెసే. విరామానికి ముందు ఒక గోల్ కొట్టి, రెండో సగంలో వెనక్కి తగ్గారు: 210 పాస్‌లు, 10 అడ్డంకులు, అంటే 21.

మొత్తం మ్యాచ్‌కి ఎంత? 8, 21ల సగటు 14.5 అని రాయకండి. పాస్‌లన్నీ కలిపితే 354, అడ్డంకులన్నీ కలిపితే 28, భాగిస్తే దాదాపు 12.6. సీజన్ లెక్కా ఇలాగే, ముందు కూడి తర్వాత భాగించాలి.

అయితే 12.6 చూసినవాళ్లు ఈ జట్టు ఓ మోస్తరుగా ప్రెస్ చేసిందనుకుంటారు. నిజానికి ఆ జట్టు ఏ సగంలోనూ అలా ఆడలేదు. అందుకే నేను స్కోరు మారినచోటల్లా మ్యాచ్‌ని విడగొట్టే చూస్తాను.

ఇంకో పరిమితి ఉంది. మన ఫార్వర్డ్‌లు పాస్ దారులన్నీ మూసేస్తే, డిఫెండర్ బంతిని పొడవుగా తన్నేస్తాడు. ప్రెస్ ఫలించింది, కానీ అడ్డుపడిన లెక్కలో ఒక్కటీ చేరదు. దాన్ని పట్టుకునే పద్ధతి 4వ పాఠంలో. ఈలోగా మీ ఫైల్‌లో ఒక మ్యాచ్ తీసుకుని, మొదటి గోల్‌కి ముందు, తర్వాత పీపీడీఏ విడివిడిగా కట్టి ఉంచండి.