డ్యూస్ దగ్గర ఆగిపోయే టెన్నిస్ మోడల్: నాకు పనిచేసింది ఇదీ

సర్వ్ పాయింట్ గెలిచే ఛాన్స్ p ఇస్తే గేమ్, సెట్, మ్యాచ్ ఛాన్స్ రావాలి, కానీ డ్యూస్, అడ్వాంటేజ్, మళ్ళీ డ్యూస్ అంటూ రికర్షన్ తిరుగుతూనే ఉంటుంది. డెప్త్ లిమిట్ పెడితే ఇద్దరి ఛాన్సులు కలిపినా 1 రావట్లేదు, సిమ్యులేషన్ అయితే రన్‌కో నంబర్.

చివరికి డ్యూస్‌లోకి దిగడమే మానేశా. అక్కణ్ణుంచి వరుసగా రెండు పాయింట్లు ఎవరు కొడితే వాళ్ళదే గేమ్, చెరొకటి అయితే మళ్ళీ మొదటికే, కాబట్టి ఒక్క లైన్‌లో తేలిపోతుంది (q అంటే 1-p):

```
d = p*p / (p*p + q*q)
g = p**4*(1 + 4*q + 10*q*q) + 20*p**3*q**3*d
```

p = 0.6 పెడితే d సుమారు 0.692, g సుమారు 0.736. పాయింట్‌లో ఉన్న కాస్త తేడా గేమ్‌కొచ్చేసరికి ఎంత పెరిగిందో చూడండి!

తర్వాత టైబ్రేక్. 6-6 దగ్గర ఇదే కిటుకు, కాకపోతే ఆ రెండు పాయింట్లలో చెరొకరు సర్వ్ చేస్తారు కాబట్టి p, q బదులు ఇద్దరి నంబర్లూ వాడాలి:

```
t = a*(1-b) / (a*(1-b) + (1-a)*b)
```

a, b ఎవరి సర్వ్ మీద వాళ్ళు పాయింట్ గెలిచే ఛాన్సులు. ఆ పైన సెట్, మ్యాచ్ మామూలు రికర్షనే. సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే మొదట సర్వ్ చేసేవాణ్ణి మార్చి చూడండి, సెట్ ఛాన్స్ అస్సలు కదలకూడదు, కదిలిందంటే టైబ్రేక్‌లో సర్వ్ వరస (మొదట ఒకటి, తర్వాత రెండేసి) ఎక్కడో తప్పినట్టే.

ఇదంతా ప్రతి పాయింట్‌కీ p ఒకటే అనుకుంటేనే. బ్రేక్ పాయింట్ ఒత్తిడి, అలసట ఇందులో లేవు, అందుకే లైవ్ మ్యాచ్‌కి ఎంతవరకు నమ్మొచ్చో గ్యారంటీ ఇవ్వలేను. గ్రాండ్ స్లామ్‌లకైతే 2022 నుంచి ఆఖరి సెట్ టైబ్రేక్ 10 పాయింట్లకి, అక్కడ t ని 9-9 దగ్గర పెట్టుకోండి.