షాపు అద్దెకు తీసుకుంటున్నారా? ఇంటీరియర్‌కు ముందే ఈ రెండూ అడగండి

వడ్రంగి పని, వైరింగ్ జరిగే నెలన్నరా గల్లాపెట్టెలో రూపాయి పడదు, అద్దె మాత్రం కట్టాల్సిందే. పైగా 11 నెలల అగ్రిమెంటు అయిపోగానే ఓనరు ఖాళీ చేయమంటే పెట్టిన డబ్బంతా గోడలకే మిగిలిపోతుంది.

అందుకే పని జరిగే రోజులకు అద్దె మినహాయింపు, ఎక్కువ ఏళ్ల లీజు, ఈ రెండూ అడ్వాన్సు చేతిలో పెట్టకముందే మాట్లాడండి, ఇచ్చాక బేరం బలం తగ్గిపోతుంది. వడ్రంగి ఎస్టిమేటు వెంట తీసుకెళ్లండి. అద్దె 30,000, ఇంటీరియర్ 6 లక్షలు అనుకుందాం. 11 నెలలకు పంచితే నెలకు దాదాపు 54,500 పడుతుంది, అద్దెకన్నా ఎక్కువ! అదే 5 ఏళ్లకైతే 10,000. ఈ లెక్క చూపించి, "5 ఏళ్లు రాసివ్వండి, పని జరిగే 45 రోజులు అద్దె వదిలేయండి, ఏటా 5 శాతం పెంచుతాను" అని అడగండి. నెలన్నర కుదరదంటే, నెల రోజుల అద్దె పూర్తిగా వదిలేసి, మిగతా 15 రోజులకు సగం అద్దె తీసుకోమనండి. ఓనరు ఇక్కడ దిగొచ్చే అవకాశముంది.

ఆ 45 రోజులు సంతకం తేదీ నుంచి కాకుండా, షాపు ఖాళీగా, కరెంటు మీటరుతో తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి. మొదటి 3 ఏళ్లు ఓనరు ఖాళీ చేయించకూడదనీ రాయించండి.

ఒక్క జాగ్రత్త: ఏడాది దాటిన లీజును సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. నోటరీతో సరిపెడితే దాన్ని నెలవారీ అద్దెగానే చూసే ప్రమాదముంది, అప్పుడు 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. స్టాంపు ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.