హేబర్ ప్రక్రియలో అమోనియా తక్కువ వస్తోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ముందు సమీకరణం కళ్లముందు పెట్టుకోండి:

N₂ + 3H₂ ⇌ 2NH₃, ΔH = −92 kJ

4 మోల్స్ వాయువు 2 మోల్స్ అవుతోంది, వేడి బయటికొస్తోంది. కాబట్టి పీడనం పెంచి ఉష్ణోగ్రత తగ్గించాలి అని లీ చాటెలియర్ సూత్రం చెప్తుంది. సెకండియర్‌లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ సూత్రం చెప్పేది గరిష్ఠంగా ఎంత అమోనియా రావచ్చో మాత్రమే, ఎంతసేపట్లో వస్తుందో అది చెప్పదు.

సమస్య: ఉష్ణోగ్రత తగ్గించాను, అయినా అమోనియా దాదాపు రావట్లేదు

కారణం: రేటు. నైట్రోజన్‌లోని త్రిబంధాన్ని తెంచడానికి మోల్‌కి సుమారు 945 kJ కావాలి. ఐరన్ ఉత్ప్రేరకం ఉపరితలం మీద ఈ పని చాలా తేలికవుతుంది కానీ, అక్కడ కూడా అన్నిటికన్నా నెమ్మదిగా జరిగే దశ ఇదే. 100 అట్మాస్ఫియర్ల దగ్గర 300°Cలో సమతాస్థితికి చేరితే 52% అమోనియా ఉండాలి, 400°Cలో అయితే 25% మాత్రమే. కాగితం మీద 300°C గెలుస్తుంది. కానీ మామూలు ఐరన్ ఉత్ప్రేరకంతో ఆ ఉష్ణోగ్రత దగ్గర చర్య ఎంత మెల్లగా నడుస్తుందంటే, వాయువు సమతాస్థితి దరిదాపులకు రాకముందే రియాక్టర్ దాటి వెళ్లిపోతుంది.

పరిష్కారం: 400-450°Cకి తీసుకురండి. ఉత్ప్రేరకం ఆ 25%ని 26% కూడా చేయలేదు, ఎందుకంటే పురోగామి, తిరోగామి చర్యలు రెండింటినీ అది ఒకేలా వేగవంతం చేస్తుంది. అది చేసే మేలు వేరే: ఇంకా ఎక్కువ వేడి అవసరం లేకుండానే తగినంత రేటు ఇస్తుంది.

ఏది అడ్డమో తెలియకపోతే ఉష్ణోగ్రత కొద్దిగా పెంచి చూడండి. అమోనియా పెరిగితే రేటు చాలట్లేదన్నమాట, తగ్గితే మీరు అప్పటికే సమతాస్థితి హద్దులో ఉన్నారు. ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకుంటే చాలా ప్రశ్నలు విడిపోతాయి. ఒకప్పుడు బాగా పనిచేసిన రియాక్టర్‌కి ఇప్పుడు అంతే అమోనియా ఇవ్వడానికి ఎక్కువ వేడి కావాల్సొస్తే, ఉత్ప్రేరకం విషానికి గురైందేమో చూడాలి. నీటి ఆవిరి, CO వల్ల కలిగే దెబ్బ చాలావరకు కోలుకుంటుంది. సల్ఫర్ తగిలితే ఆ భాగం పోయినట్టే.

సమస్య: సరైన ఉష్ణోగ్రతలోనే మొదలుపెట్టాను, 10% దగ్గర ఆగిపోయింది

కారణం: చర్య తన వేడితో తనే ఇరుక్కుంది. వాయువులో అమోనియా 1% పెరిగిన ప్రతిసారీ ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు ఎక్కుతుంది. 100 అట్మాస్ఫియర్ల దగ్గర 370°Cతో లోపలికి పంపిన వాయువులో 10% అమోనియా తయారయ్యేసరికి అది 500°C దాటుతుంది, అక్కడ సమతాస్థితి దిగుబడే సుమారు 10%. ఇక ఎంత ఉత్ప్రేరకం పోసినా కదలదు.

పరిష్కారం: ఉత్ప్రేరకాన్ని రెండు మూడు పొరలుగా విడగొట్టి, పొరకీ పొరకీ మధ్య వాయువుని చల్లార్చాలి. చల్లబడగానే గరిష్ఠ పరిమితి మళ్లీ పైకి లేస్తుంది, తర్వాతి పొరలో చర్య ముందుకు సాగుతుంది.

సమస్య: పీడనం రేటునీ దిగుబడినీ రెండింటినీ పెంచుతుంది కదా, మరి 1000 అట్మాస్ఫియర్లు ఎందుకు పెట్టరు?

400°Cలో 100 అట్మాస్ఫియర్లకి 25%, 300కి 47%, 1000కి దాదాపు 80%. పీడనం మూడింతలు చేస్తే దిగుబడి రెండింతలు కూడా కాలేదు, గమనించండి. ఇక్కడ అడ్డు రసాయనశాస్త్రం కాదు, కంప్రెసర్లు తినే శక్తీ, మందపాటి స్టీలు గోడలూ. పైగా వేడి హైడ్రోజన్ స్టీలులోని కార్బన్‌తో చర్య జరిపి దాన్ని పెళుసుగా మారుస్తుంది. కార్ల్ బాష్ తొలి రియాక్టర్లు పగిలిపోవడానికి కారణం ఇదే, లోపల మెత్తని ఇనుము పొర వేసి ఆయన దాన్ని దాటారు. అందుకే మామూలుగా 150-250 దగ్గర ఆగుతారు.

సమస్య: 25% అంటే మిగతా 75% వృథానా?

లెక్క చూద్దాం. 100 మోల్స్ N₂, 300 మోల్స్ H₂ పంపారు. 40 మోల్స్ N₂ చర్య జరిపితే 120 మోల్స్ H₂ ఖర్చయి 80 మోల్స్ NH₃ వస్తుంది, 60 N₂, 180 H₂ మిగులుతాయి. మొత్తం 320లో 80, అంటే 25%. కానీ మార్పు చెందిన నైట్రోజన్ 40%! ఈ రెండు శాతాలూ కలిపేసి మార్కులు పోగొట్టుకోకండి.

మిగిలిన 240 మోల్స్‌ని పారేయరు. వాయువుని చల్లార్చి అమోనియాని ద్రవంగా తీసేసి, మిగతాదాన్ని కొత్త వాయువుతో కలిపి మళ్లీ రియాక్టర్‌కి పంపుతారు. ఇలా తిప్పుతూ ఉంటే మొత్తం మీద 97% దాకా వాడకంలోకి వస్తుంది. ఒక్క చుట్టులో తక్కువ దిగుబడి వచ్చినా ఎక్కువ రేటునే ఎంచుకోవడానికి ధైర్యం ఇక్కడి నుంచే.

అయితే చర్యలో పాల్గొనని ఆర్గాన్, మీథేన్ కూడా ఈ చుట్టులోనే పేరుకుంటాయి. అవి పెరిగే కొద్దీ N₂, H₂ల పాక్షిక పీడనాలు తగ్గి, మీటర్‌లో మొత్తం పీడనం అంతే ఉన్నా అమోనియా పడిపోతుంది. దానికి ఉష్ణోగ్రతతో ఆడుకోవడం దండగ, తిరిగే వాయువులో కొంత భాగాన్ని నిరంతరం బయటికి వదులుతూ ఉండాలి.